మోకాలు ఎంత వంగింది, మనిషి ఏం చేయలేకపోతున్నాడు



రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి, ఆపరేషన్ అయి, ఏడాది గడిచాక చాలామంది మళ్లీ మా ఎముకల విభాగం ఓపీకి వస్తారు. ఈసారి మందు కోసం రారు, కాగితం కోసం వస్తారు. "సార్, పర్సంటేజీ రాయించుకు రమ్మన్నారు లాయరుగారు" అంటారు. వాళ్ల దృష్టిలో ఆ కాగితం మీద ఉండాల్సింది ఒక్క అంకె. కానీ కోర్టుకైనా మెడికల్ బోర్డుకైనా ఆ అంకె ఒక్కటీ చాలదు. అది ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ అవయవానికి వర్తిస్తుంది, ఆ మనిషి బతుకులో దాని అర్థమేమిటి అన్నవి ఉత్తరంలో ఉంటేనే అంకెకు విలువ. ఎముకల డాక్టరుగా పరీక్ష చేసేటప్పుడు మేం రాసుకునే నోట్సు నుంచి ఆ ఉత్తరం ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడిపోతుందో ఈ పూట చెబుతాను.

ఒక కేసు తీసుకుందాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు. మా దగ్గరికి వచ్చే ఎందరో కార్మికుల వివరాలు కలిపి నేను అల్లినది. ముప్పయ్ ఎనిమిదేళ్ల టైల్స్ మేస్త్రీ. పని ముగించుకుని బైకు మీద ఇంటికి వస్తుంటే కారు గుద్దింది. కుడి మోకాలి కింద కాలి ఎముక పైభాగం, అంటే మోకాలి కీలుకు పీటలా ఉండే భాగం పగిలింది. ప్లేటు, స్క్రూలు వేసి అతికించారు. ప్రమాదమై 14 నెలలయింది. ఎముక అతుక్కుంది. ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు నడుస్తోంది.

పరీక్ష గదిలో సీనియర్ డాక్టరు చీటీ మీద రాసుకునేది ఇలా ఉంటుంది: కుడి మోకాలు 10–85, సాయంతో 95 వరకు. ఎడమ 0–140. తొడ చుట్టుకొలత 3 సెంటీమీటర్లు తక్కువ. తొడ ముందు కండరం బలం 5కి 4. కాలు పొట్టి 1 సెంటీమీటరు. గొంతుకు కూర్చోలేడు. మెట్లు రెయిలింగు పట్టుకుని. కర్ర లేదు. తుంటి, చీలమండ మామూలే. ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది, కీలు ఉపరితలం ఎగుడుదిగుడు.

ఈ నాలుగైదు పంక్తుల్లోంచి జూనియర్ డాక్టరు ఉత్తరం చిత్తుప్రతి రాస్తాడు, సీనియర్ చదివి సంతకం పెడతాడు. చాలా ఆసుపత్రుల్లో పని ఇలాగే సాగుతుంది. తొందరలో రాసిన చిత్తుప్రతి తరచూ ఒకే వాక్యంతో ముగుస్తుంది: "మోకాలి కదలికలు తగ్గినవి, 50 శాతం వైకల్యం కలదు." చీటీలో ఉన్న సమాచారంలో ముప్పాతిక భాగం ఈ వాక్యం మింగేసింది. ఇప్పుడు ఒక్కొక్కటే వెనక్కి తీసుకొద్దాం.

ముందు 10–85 అనే అంకెల సంగతి చూద్దాం. కాలు పూర్తిగా చాచి నిటారుగా ఉన్నప్పుడు దాన్ని సున్నా డిగ్రీలు అంటాం. అక్కణ్నుంచి మడిచిన కొద్దీ అంకె పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలు సుమారు 140 దాకా మడుచుకుంటుంది. దీన్ని కొలిచేది గోనియోమీటరు. బడిపిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు పొడుగాటి చేతులు తగిలించినట్టు ఉంటుంది. దాని మధ్య బిందువును మోకాలి బయటివైపు ఎముక బుడిపె మీద పెట్టాలి. ఒక చేయి తుంటి పక్కనుండే ఎముక గుబ్బ వైపు, రెండోది చీలమండ బయటి గుబ్బ వైపు చూడాలి. అప్పుడు వచ్చిన కోణమే మోకాలి కోణం. కంటితో చూసి "ఓ తొంభై ఉంటుంది" అని రాసేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు అది కొలత కాదు. పరికరంతో కొలిచినా మనిషికీ మనిషికీ అయిదు డిగ్రీల తేడా రావడం సహజమే. కంటి అంచనాలో ఆ తేడా ఎంతకు పోతుందో చెప్పలేం.

మేస్త్రీ మోకాలు 10 దగ్గర మొదలైంది అంటే అది సున్నాకు రావడం లేదు. కాలు ఎంత చాచినా పది డిగ్రీలు వంగే ఉంటుంది. చిత్తుప్రతుల్లో అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఈ పదే. "మోకాలు 85 వరకు మడుచుకుంటుంది" అని రాసి ఊరుకుంటారు. చదివేవారు సున్నా నుంచి 85 అనుకుంటారు. పది డిగ్రీలు చిన్న సంగతి కాదు. వంగిన మోకాలి మీద నిలబడినంతసేపూ తొడ ముందు కండరం బిగబట్టుకునే ఉండాలి. అందుకే ఇలాంటివాళ్లు నడవగలుగుతారు గానీ గంటసేపు నిలబడితే తొడ పీకేస్తోందంటారు. నడకలో కుంటు కూడా కొంత దీనివల్లే.

ఇక్కడే మరో తేడా చూడాలి. కాలు చాచలేకపోవడానికి కారణాలు రెండు. కీలు బిగుసుకుపోయి ఉండొచ్చు. లేదా కీలు బాగానే ఉన్నా దాన్ని చాచే కండరం నీరసించి ఉండొచ్చు. తెలుసుకునే పద్ధతి తేలిక. "మేస్త్రీగారూ, మీ అంతట మీరు కాలు చాచండి" అంటాం. పది డిగ్రీల దగ్గర ఆగింది. ఇప్పుడు మడమ కింద చేయి పెట్టి, మోకాలి మీద మెల్లగా నొక్కి, మేం చాపడానికి ప్రయత్నిస్తాం. అప్పుడూ పది దగ్గరే ఆగితే కీలు బిగుసుకుంది, ఇక మారే అవకాశం తక్కువ. మా చేతి సాయంతో సున్నాకు వచ్చేస్తే లోపం కండరానిది. వ్యాయామంతో ఇంకా బాగుపడవచ్చు. మొదటిదాన్ని శాశ్వతం అనవచ్చు, రెండోదాన్ని అప్పుడే అనకూడదు. మేస్త్రీ విషయంలో మా సాయంతోనూ పది దగ్గరే ఆగింది. ఆ సంగతి ఉత్తరంలో ఒక వాక్యంగా ఉండాలి.

మడవడంలోనూ రెండు అంకెలున్నాయి. తనంతట తాను 85, సాయంతో 95. లెక్కలోకి వచ్చేది మనిషి తనంతట తాను చేసే కదలికే. రెండో అంకె కూడా రాయాలి. ఎందుకంటే రెంటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే నొప్పి వల్లనో, కండరం బలహీనత వల్లనో, పూర్తిగా ప్రయత్నించకపోవడం వల్లనో అని చదివేవారు అడుగుతారు. పది డిగ్రీల తేడా మామూలే.

నిజంగా మడవలేకపోతున్నాడా, నష్టపరిహారం కోసం మడవడం లేదా అన్న ప్రశ్న ఇన్సూరెన్సు కంపెనీ లాయరు అడగక మానడు. ఆ ప్రశ్నకు జవాబు చీటీలోనే ఉంది, చిత్తుప్రతి రాసేవారు దాన్ని వాడుకోవాలి. తొడ చుట్టుకొలత 3 సెంటీమీటర్లు తగ్గింది. రెండు కాళ్లకూ మోకాలిచిప్ప పైఅంచు నుంచి ఒకే దూరంలో, 15 సెంటీమీటర్ల పైన టేపు పెట్టి కొలిచిన కొలత అది. కాలి వాడకం తగ్గితే తప్ప కండరం అంత కరగదు. దాన్ని ఎవరూ నటించలేరు. ఎక్స్‌రేలో కీలు ఎగుడుదిగుడు కూడా అలాంటిదే. ఇంకో చిన్న పరీక్ష ఉంది. పడుకోబెట్టి కొలిచాక, బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చోమని ఇంటి సంగతులు మాట్లాడిస్తాం. పడుకున్నప్పుడు నలభైకి మించి మడవనన్న మోకాలు ఇప్పుడు సులువుగా తొంభైకి వేలాడితే రెండు కొలతలూ పొసగడం లేదని ఉన్నదున్నట్టు రాయాల్సిందే. మేస్త్రీ విషయంలో అన్నీ పొసిగాయి. "పరీక్షలో కనబడినవీ ఎక్స్‌రేలో కనబడినవీ ఒకదానితో ఒకటి సరిపోయాయి" అన్న ఒక్క వాక్యం ఉత్తరానికి ఎంత బలమో సాక్షిబోనులో నిలబడినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు శాతం లెక్కకు వద్దాం. కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో నోటిఫై చేసిన మార్గదర్శకాల పద్ధతిలో చెబుతాను. 2024లో వీటిని సవరించారు కాబట్టి ఏ సంవత్సరపు మార్గదర్శకాలతో లెక్క కట్టారో ఉత్తరంలో తప్పకుండా రాయాలి. ఈ పద్ధతిలో కాలికి రెండు భాగాలున్నాయి. ఒకటి కదలిక, రెండోది నిలకడ. కదలికలో కీలు ఎంత తిరుగుతోంది, కండరం ఎంత బలంగా ఉంది అని చూస్తారు. నిలకడలో మనిషి ఆ కాలితో ఏమేం చేయగలడో చూస్తారు.

కదలిక లెక్క ఇది. మేస్త్రీ ఎడమ మోకాలు 140 డిగ్రీలు తిరుగుతుంది. కుడిది 10 నుంచి 85, అంటే 75 డిగ్రీలే. పోయింది 65. నూటికి 46 చొప్పున పోయినట్టు. తుంటి, మోకాలు, పాదం మూడింటికీ సమానంగా 0.30 చొప్పున తూకం ఇస్తారు కాబట్టి 46ను 0.30తో గుణిస్తే సుమారు 14 వస్తుంది. ఎడమ మోకాలితో పోల్చాం కాబట్టి ఆ ఎడమ మోకాలు కూడా ఆరోగ్యంగా ఉందని రాయాలి. అదీ అరిగిపోయి ఉంటే దానితో పోల్చడం మేస్త్రీకి అన్యాయం. కండరబలం 5కి 4 అంటే 20 శాతం పోయినట్టు. తొడ వెనుక కండరం పూర్తి బలంతో ఉంది. రెంటి సగటు 10, దానికి 0.30 తూకం వేస్తే 3. ఈ 14నూ 3నూ ఊరికే కూడరు. మార్గదర్శకాల్లో కలపడానికి ఒక సూత్రం ఉంది. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90లో మిగిలిన భాగానికి దామాషాగా చిన్న అంకెను చేరుస్తారు. అలా చేస్తే కదలిక భాగం 16.5 అవుతుంది.

మోకాలు దాదాపు సగం పోయిన మనిషికి 16.5 ఏమిటని మీకు అనిపించవచ్చు. మిగతాది నిలకడ భాగంలో ఉంది. అక్కడ తొమ్మిది పనులు చూస్తారు. చదునైన నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బ తగిలిన కాలి మీద నిలబడడం, గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేసుకు కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, ఇటూ అటూ తిరగడం. ఒక్కోదానికి 10 చొప్పున విలువ.

ఈ తొమ్మిదిలో మూడు నేల మీద కూర్చునే పనులని గమనించండి. మోకాలి వైద్యం పుస్తకాలు చాలావరకు కుర్చీల మీద కూర్చునే దేశాల్లో రాసినవి. చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60, 70 డిగ్రీలు మడుచుకుంటే చాలు. మెట్లకు సుమారు 90 కావాలి. కుర్చీలోంచి లేవడానికి కూడా అంతే, కుర్చీ పొట్టిదైతే ఇంకొంచెం ఎక్కువ. కానీ పూర్తిగా గొంతుకు కూర్చోవాలంటే 130 దాటాలి. మన ఇళ్లలో పీట మీద కూర్చుని తినడం, పాతకాలపు మరుగుదొడ్డి, గుళ్లో నేల మీద కూర్చోవడం, మసీదులో నమాజు, కళ్లంలో పని, టైల్స్ పని, అన్నిటికీ ఆ 130 కావాలి. మన మార్గదర్శకాలు రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోకుండా నేల మీది పనులకు విడిగా విలువ కట్టడం మంచి పని అని నా అభిప్రాయం.

మేస్త్రీకి గొంతుకు కూర్చోవడం అసలు రాదు, 10. బాసింపట్టు రాదు, 10. మోకాళ్ల మీద కూర్చోలేడు, 10. మెట్లు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ పెడుతూ ఎక్కుతాడు, వాలు మీద తడబడతాడు. ఈ రెంటికీ సగం చొప్పున వేస్తే 5, 5. మొత్తం 40. దీన్నీ కదలిక భాగం 16.5నూ అదే సూత్రంతో కలిపితే 49 వస్తుంది. కాలు ఒక సెంటీమీటరు పొట్టి అయినా దానికి అదనంగా ఏమీ రాదు, మొదటి అర అంగుళానికి మార్కులు లేవు.

ఇప్పుడు ఆ చీటీని మళ్లీ చూడండి. "గొంతుకు కూర్చోలేడు" అని ఉంది. బాసింపట్టు గురించి లేదు. మోకాళ్ల మీద కూర్చోవడం గురించి లేదు. వాలు గురించి లేదు. సీనియర్ డాక్టరు చూసే ఉంటాడు, రాసుకోలేదు. జూనియర్ చీటీలో ఉన్నంతవరకే లెక్క కడితే అంకె పడిపోతుంది. గొంతుకు కూర్చోవడం కూడా రాయకుండా వట్టి కోణాలూ, మెట్లూ, వాలూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మొత్తం 25 దగ్గర ఆగుతుంది. అదే మోకాలు, అదే మనిషి. ఒక చోట 49, ఒక చోట 25. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టింది. రేపు ఇదే మేస్త్రీ సదరం శిబిరానికి వెళితే, పింఛను వచ్చేదీ రానిదీ ఆ గీతే తేలుస్తుంది. రాయని మూడు మాటలు మనిషిని గీతకు ఇవతల ఉంచగలవు. అందుకే చిత్తుప్రతి రాసే జూనియర్లకు నేను చెప్పేది ఒకటే. చీటీలో లేనిదాన్ని ఊహించి నింపొద్దు, వదిలేయనూ వద్దు. మనిషిని మళ్లీ పిలిచి, మీ కళ్ల ముందు చేయించి, తేదీ వేసి రాయండి.

"కళ్ల ముందు" అన్న మాట నొక్కి చెప్పాలి. ఉత్తరంలో రోగి చెప్పినది, డాక్టరు చూసినది విడివిడిగా ఉండాలి. "అర కిలోమీటరు నడిచేసరికి నొప్పి వస్తుందని చెప్పారు" అనేది ఒక వాక్యం. "వరండా చివరిదాకా కర్ర లేకుండా నడిచారు, కుడి కాలి మీద తక్కువసేపు బరువు మోపుతూ కుంటుతున్నారు" అనేది ఇంకో వాక్యం. ఈ రెంటినీ కలిపి "నడవలేడు" అని రాస్తే, అదే రోజు కోర్టు మెట్లెక్కి వచ్చిన మనిషిని చూపించి అవతలి లాయరు ఉత్తరం మొత్తాన్నీ అబద్ధమనిపిస్తాడు. అతిగా రాసిన ఉత్తరం రోగికి మేలు చేయదు. దానిలోని నిజమైన కొలతలు కూడా అనుమానానికి గురవుతాయి.

ఇక 49 శాతం దేనికి? కుడి కాలికి. మనిషి మొత్తానికి కాదు. ఇది రాయకపోవడం వల్ల ట్రిబ్యునళ్లలో ఎంతో గందరగోళం జరిగింది. 2010 అక్టోబరులో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. వైకల్యం శాశ్వతమా తాత్కాలికమా, పూర్తిదా పాక్షికమా, ఒక అవయవానికి శాతం చెప్పినప్పుడు శరీరం మొత్తం మీద దాని ప్రభావమెంత అనేవి ట్రిబ్యునల్ తేల్చుకోవాలి. ఆ తరువాత, ఆ వైకల్యం ఆ మనిషి సంపాదన మీద ఎంత దెబ్బ కొట్టిందో చూడాలి. ఎడమ చేయి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలవవచ్చు అని ఆ తీర్పులోనే ఉదాహరణ ఉంది. సంపాదన నష్టం ఎంతో తేల్చేది ట్రిబ్యునల్, డాక్టరు కాదని కూడా స్పష్టంగా చెప్పింది.

కాబట్టి "ఇతనికి 49 శాతం సంపాదన పోయింది" అని నేను రాయకూడదు, అది నా పని కాదు. "ఏ పనీ చేయలేడు" అని కూడా రాయకూడదు, అది నిజం కాదు. కానీ మేస్త్రీ వృత్తికి ఈ మోకాలికి ఉన్న లంకె నేను చెప్పకపోతే జడ్జిగారికి ఇంకెవరు చెబుతారు? టైల్స్ వేసేవాడు రోజంతా నేల మీదే ఉంటాడు. గొంతుకు కూర్చుని సిమెంటు పరుస్తాడు, మోకాళ్ల మీదికి వంగి టైలు దించుతాడు, రబ్బరు సుత్తితో తట్టి లెవెల్ చూసుకుంటాడు, అలాగే వెనక్కి జరుగుతాడు. 85 దగ్గర ఆగిపోయే మోకాలితో ఇది కుదరదు. గోడ టైల్స్ నిలబడి వేయవచ్చు, కానీ కింది రెండు వరసలకు మళ్లీ కూర్చోవాల్సిందే. ఈ సంగతులు డాక్టరుకు వైద్య కళాశాలలో చెప్పరు. మేస్త్రీని అడిగి తెలుసుకోవాలి. పరీక్షలో అయిదు నిమిషాలు దీనికి కేటాయించాలి.

మేం ఉత్తరం ఇంగ్లీషులోనే రాస్తాం. తెలుగులో చెబితే దాని ముఖ్యభాగం ఇలా ఉండాలి:

"ప్రమాదం జరిగిన 14 నెలల తరువాత వీరిని పరీక్షించాను. ఎముక అతుక్కుంది. చికిత్స, ఫిజియోథెరపీ పూర్తయ్యాయి. రెండు నెలల కిందటి కొలతలకూ నేటి కొలతలకూ తేడా లేదు కనుక ఇక చెప్పుకోదగ్గ మెరుగుదల ఉండదని నా అభిప్రాయం. గోనియోమీటరుతో కొలిచినప్పుడు కుడి మోకాలు తనంతట తాను 10 నుంచి 85 డిగ్రీల వరకు, సాయంతో 95 వరకు కదిలింది. సాయం చేసినా పది డిగ్రీల కంటే ఎక్కువ చాచడం కుదరలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎడమ మోకాలు 0 నుంచి 140. కుడి తొడ 3 సెంటీమీటర్లు సన్నబడింది. నా సమక్షంలో వీరు గొంతుకు కూర్చోలేకపోయారు, బాసింపట్టు వేయలేకపోయారు, మోకాళ్ల మీద కూర్చోలేకపోయారు. మెట్లు రెయిలింగు ఆసరాతో ఒక్కొక్కటిగా ఎక్కారు. చదునైన నేల మీద కర్ర లేకుండా కుంటుతూ నడిచారు. ఈ ఫలితాలు ఎక్స్‌రేతో సరిపోతున్నాయి. 2018 మార్గదర్శకాల ప్రకారం కుడి కాలికి సంబంధించి శాశ్వత పాక్షిక వైకల్యం 49 శాతం, లెక్క జతపరిచాను. నేల టైల్స్ పనికి కావలసిన భంగిమలు ఈ మోకాలితో సాధ్యం కావు. కుర్చీలో కూర్చుని చేసే పనులూ, మధ్యమధ్య కూర్చునే వీలుతో నిలబడి చేసే పనులూ చేయగలరు. కీలు ఉపరితలం సమంగా లేనందున ముందు ముందు అరుగుదల పెరిగే అవకాశం ఉంది."

ఇందులో రెండు నెలల కిందటి కొలత అన్న మాట గమనించారు కదా. శాశ్వతం అనడానికి ఆధారం అదే. ఆపరేషన్ అయిన మూడో నెలలో కొలిచి శాశ్వతం అని రాసిచ్చిన కాగితాలు నేను చూశాను. ఆ దశలో మోకాలు నెలనెలా మారుతూ ఉంటుంది. ఇంకో ఆరు నెలలకు బాగుపడితే ఆ కాగితం తప్పవుతుంది. ఇంకా బిగుసుకుపోతే రోగి నష్టపోతాడు.

శరీరం మొత్తానికి ఎంత అన్న ప్రశ్నకు కొందరు కాలి శాతాన్ని మూడుతో భాగించి రాసేస్తారు. అలా చేయాల్సిన పని లేదు. కాలి శాతం, దానికి చూపిన లెక్క, ఆ మనిషి చేయగలిగినవీ చేయలేనివీ స్పష్టంగా ఉంటే ట్రిబ్యునల్ తన నిర్ణయం తాను చేసుకోగలదు. శరీరం మొత్తానికి అంకె ఇవ్వాల్సి వస్తే ఏ ఆధారంతో ఇచ్చారో చెప్పాలి. ఆధారం చెప్పలేని అంకెను కాగితం మీద పెట్టకపోవడమే మేలు.

చికిత్స చేయని డాక్టరు, మనిషిని ఒకసారి పైపైన చూసి ఉదారంగా శాతం రాసిచ్చే అలవాటును కూడా సుప్రీంకోర్టు రాజ్ కుమార్ కేసు తీర్పులోనే తప్పుపట్టింది. కాబట్టి మీకు ఇలాంటి ఉత్తరం కావాల్సి వస్తే, వీలైనంతవరకు చికిత్స చేసిన డాక్టరు దగ్గరే తీసుకోండి. అది కుదరకపోతే డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, మొదటి ఎక్స్‌రే నుంచి చివరిదాకా అన్నీ తీసుకెళ్లండి. పరీక్షకు మోకాలి పైకి మడవగలిగే వదులు బట్టలు వేసుకోండి. లేనిది చెప్పకండి, ఉన్నది దాచుకోకండి. మరుగుదొడ్డిలో కూర్చోలేకపోతున్నానని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చాలామంది ఉన్నారు. ఆ మాటకు లెక్కలో 10 మార్కులు ఉన్నాయి. మీ పని ఏమిటో, అందులో ఒళ్లు ఎలా వంచాల్సి వస్తుందో వివరంగా చెప్పండి. డాక్టరుగారు అడగకపోయినా చెప్పండి.

ఉత్తరం చేతికొచ్చాక గదిలోంచి బయటికి రాకముందే చదివించుకోండి. ఏ కాలో సరిగా రాశారా, కుడి ఎడమలు తారుమారు కాలేదు కదా చూడండి. కోణాలు రెండు కాళ్లకూ ఉన్నాయా, పరీక్ష చేసిన తేదీ ఉందా, మార్గదర్శకాల సంవత్సరం ఉందా, శాతం ఏ అవయవానికో ఉందా, మీరు చేయలేని పనులు పేరుపేరునా ఉన్నాయా, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉన్నాయా చూసుకోండి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఆ ఉత్తరం మీద సాక్ష్యం చెప్పడానికి కోర్టు డాక్టరును పిలిచేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటికి మీ మోకాలు ఆయనకు గుర్తుండదు, ఆ రోజు రాసిందే మాట్లాడాలి.